ముప్పై కంపెనీలు, సోమవారం, గురువారం

పోస్టు కొంచెం పొడవే. బీఎస్సీ కెమిస్ట్రీ చదివి ఫార్మా కంపెనీల్లో ఉద్యోగం చూసుకుంటున్నవాళ్లు చివరిదాకా చదవండి. మీ ఇంట్లోనో మీ ఊళ్లోనో అలాంటివాళ్లు ఉంటే మిగతావాళ్లు చదివి వాళ్లకి చెప్పండి.

మేము ఐదుగురం. పాడేరు, హుకుంపేట, జి.మాడుగుల, చింతపల్లి, ముంచింగిపుట్టు మండలాలవాళ్లం. ముగ్గురు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు. అందరం ఒకే ఏడాది డిగ్రీ పూర్తిచేశాం. ఇద్దరం కూర్మన్నపాలెంలో గది తీసుకుని చిన్న పనులు చేసుకుంటూ ఉద్యోగం వెతికాం, ముగ్గురు ఊళ్లోనే ఉండిపోయారు. అప్పట్లో మేము ఉద్యోగం వెతకడం అంటే వాట్సాప్ గ్రూపులు చూడడమే. ఎనిమిది తొమ్మిది గ్రూపుల్లో ఉండేవాళ్లం. రోజుకి యాభై మెసేజ్‌లు వచ్చేవి.

రెండు సంగతులు జరిగాక ఆ పద్ధతి మానేశాం.

మొదటిది. ముంచింగిపుట్టు వైపు ఉన్న మా వాడికి శనివారం రాత్రి ఒక పోస్టర్ వచ్చింది. ఆదివారం వాకిన్, బీఎస్సీ ఫ్రెషర్లు, క్యూసీ, ప్రొడక్షన్ అని ఉంది. వాడు సిగ్నల్ కోసం గట్టు ఎక్కి అది చూసేసరికే బాగా పొద్దుపోయింది. తెల్లారి మొదటి బస్సు పట్టుకుని ఘాట్ దిగి కంపెనీ గేటు దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. సెక్యూరిటీ ఆయన పోస్టర్ చూసి, "బాబూ, ఇది పోయిన ఆదివారానిది" అన్నాడు. ఎవరో ఫార్వర్డ్ చేస్తూ పైన తేదీ ఉన్న ముక్క కత్తిరించేశారు. రానూపోనూ బస్సు చార్జీ పోయింది, ఇంట్లో అడిగి తెచ్చుకున్న డబ్బులు పోయాయి. అంతకంటే పెద్ద నష్టం, నిజంగా వాకిన్ జరిగిన ఆదివారం నాడు వాడు ఇంట్లో ఖాళీగానే ఉన్నాడు.

రెండోది ఇంకా చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది. మాలో ఒక అమ్మాయికి ఒక పెద్ద కంపెనీ పేరుతో ఆఫర్ లెటర్ వచ్చింది. లోగో ఉంది, సంతకం ఉంది. యూనిఫాంకి, మెడికల్ టెస్ట్‌కి 3,500 కట్టమన్నారు, చేరాక జీతంలో తిరిగి ఇస్తామన్నారు. వాళ్ల నాన్న పసుపు అమ్మిన డబ్బులోంచి ఇచ్చాడు. తర్వాత ఆ నంబర్ మోగడం మానేసింది. ఆ కంపెనీకి దీంతో సంబంధమే లేదు, వాళ్ల పేరు వాడుకున్నారంతే. ఇలా జరిగితే వెంటనే 1930కి ఫోన్ చేయాలని మాకు తర్వాత తెలిసింది. ఆ కంపెనీ కెరీర్ పేజీ తెరిచి చూస్తే, "ఉద్యోగం కోసం మేము ఎవరి దగ్గరా డబ్బు తీసుకోం" అని అక్కడ రాసే ఉంది. ఒక్కసారి ఆ పేజీ చూసి ఉంటే సరిపోయేది.

అప్పుడు కూర్చుని అనుకున్నాం. మెసేజ్ మన దగ్గరికి వచ్చేదాకా కాచుకోకుండా, అది పుట్టే చోటుకే మనం వెళ్దాం. అన్ని ఉద్యోగాలూ వెతకొద్దు. ఒక్క రంగం పట్టుకుందాం. ముప్పై కంపెనీలు రాసుకుని వాటి పేజీలు మాత్రమే, కానీ తప్పకుండా, చూద్దాం. ఫార్మా ఎందుకంటే మేము చదివింది కెమిస్ట్రీ. పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్ మన కొండల కిందే ఉన్నాయి.

పేర్లు రాసుకోవడం మొదలుపెడితే పన్నెండు దగ్గర ఆగిపోయాం. అందరికీ తెలిసిన పెద్ద పేర్లే అవి. మిగతావి గదిలో ఉన్న ఇద్దరం రోడ్డు మీద సంపాదించాం. పొద్దున్న ఐదున్నర నుంచి ఏడు దాకా కూర్మన్నపాలెం, లంకెలపాలెం జంక్షన్లలో కంపెనీ బస్సులు ఆగుతాయి. ప్రతి బస్సు అద్దం మీద కంపెనీ పేరు, యూనిట్ నంబర్ ఉంటాయి. మూడు రోజులు టీ కొట్టు దగ్గర నిలబడి అవన్నీ రాసుకున్నాం. ఇంట్లో కూర్చుని ఎంత వెతికినా దొరకని పేర్లు అలా దొరికాయి. పైగా బస్సు వస్తోందంటే ఆ యూనిట్ నడుస్తోందని, అక్కడికి రోజూ మనుషులు వెళ్తున్నారని రుజువు.

తర్వాత ప్రతి పేరుకీ ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో యూనిట్లు ఎక్కడున్నాయో చెప్పే పేజీ చూశాం. దాంతో లిస్టు పరవాడ దాటి పెరిగింది. నక్కపల్లిలో హెటిరో, భీమిలి దగ్గర చిప్పాడలో దివీస్, పైడిభీమవరంలో డాక్టర్ రెడ్డీస్. పరవాడలో ఫైజర్, లుపిన్, ఈసాయ్, గ్లాండ్. లారస్‌కి పరవాడలోనూ అచ్యుతాపురంలోనూ యూనిట్లు ఉన్నాయి. ఇరవై నాలుగు ఇలా మనవైపువే వచ్చాయి. మిగిలిన ఆరు హైదరాబాద్‌వి పెట్టుకున్నాం. అందులో విమ్టా లాంటి టెస్టింగ్ ల్యాబ్‌లూ ఉన్నాయి. క్యూసీ పని నేర్చుకోవాలనుకునే అమ్మాయిలకి అవి పనికొస్తాయని పెట్టాం. ప్రొడక్షన్ ప్రకటనల్లో "పురుషులు మాత్రమే" అని చాలాసార్లు కనిపిస్తుంది. అందుకే వాళ్లిద్దరి కోసం క్యూసీ, మైక్రోబయాలజీ, క్యూఏ విభాగాలున్న కంపెనీలు లిస్టులో తగినన్ని ఉండేలా చూసుకున్నాం.

పేర్ల దగ్గర ఒక చిక్కు వచ్చింది. గేటు మీద పాత పేరు, పేజీ మీద కొత్త పేరు. ఒకప్పటి మాట్రిక్స్ తర్వాత మైలాన్ అయింది, మైలాన్ వయాట్రిస్ అయింది. ముడిమందులు తయారుచేసే యూనిట్లని వయాట్రిస్ 2024లో అమ్మేస్తే అవి మళ్లీ మాట్రిక్స్ పేరులోకే వచ్చాయి. మన ఊరి అన్న ఎవరైనా "నేను మైలాన్‌లో చేశాను" అంటే ఇప్పుడు ఏ పేజీ చూడాలో తెలియదు. అరబిందో వాళ్ల ముడిమందుల వ్యాపారం అపిటోరియా అనే కంపెనీ కిందికి వెళ్లింది, ఇంజెక్షన్లవి యూజియా పేరుతో ఉన్నాయి. అరబిందో ఒక్కటే చూసుకుంటూ కూర్చుంటే మిగతావి తప్పిపోవచ్చు. అందుకని మేము కంపెనీకి ఒక వరస అని కాకుండా, ఉద్యోగాలు పెట్టే పేజీకి ఒక వరస అని పెట్టుకున్నాం.

గూగుల్ షీట్‌లో గడులు ఎక్కువ పెట్టలేదు. కంపెనీ పేరు, యూనిట్ ఉన్న ఊరు, కెరీర్ పేజీ లింక్, నిజంగా ప్రకటన ఎక్కడ వేస్తారు, ఎవరు చూడాలి, ఆఖరిసారి చూసిన తేదీ, ఏం కనిపించింది. ఎనిమిదో గడిలో ఈ చిన్న ఫార్ములా ఉంటుంది.

```
=TODAY()-F2
```

F గడిలో ఆఖరిసారి చూసిన తేదీ ఉంటుంది కాబట్టి, చూసి ఎన్ని రోజులైందో ఇది చెబుతుంది. అంకె నాలుగు దాటితే గడి ఎర్రగా మారేలా పెట్టాం. ఎవరు చూడలేదో అడగక్కర్లేదు, షీటే చెబుతుంది.

మొదటి నెల మాత్రం దాదాపు వృథా అయిందనుకున్నాం. చూసినప్పుడల్లా ఏమీ లేదు. తప్పు ఎక్కడుందో నెల చివర్లో తెలిసింది. మేము ఊరి దగ్గర Visakhapatnam అని పెట్టి వెతికేవాళ్లం. కొన్ని కంపెనీలు అదే యూనిట్‌ని Vizag అని రాస్తాయి, కొన్ని Parawada అని, కొన్ని Anakapalli అని, కొన్ని Atchutapuram అని. ఒక పేజీలో వరసగా మూడు వారాలు సున్నా చూపించింది. ఊరి ఫిల్టర్ తీసేసి India మాత్రమే పెడితే మా పక్కనే ఉన్న యూనిట్‌కి నాలుగు ఉద్యోగాలు కనిపించాయి. అలాగే Fresher అని కొడితే ఏమీ రాదు, ఎందుకంటే వాళ్లు ఆ పోస్టుని Trainee అనో Junior Chemist అనో Officer Trainee అనో పిలుస్తారు. ఇప్పుడు ప్రతి కంపెనీ వరసలో ఆ పేజీ వాడే ఊరి పేరు, పోస్టు పేరు రాసి పెట్టుకున్నాం. ఫోన్‌లో కొన్ని పేజీల ఫిల్టర్లు సరిగా కనబడవు, అప్పుడు బ్రౌజర్‌లో Desktop site పెట్టి చూడాలి.

ఆ నెలలో తెలిసిన రెండో విషయమే మాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది. కెరీర్ పేజీలన్నీ ఒకలాంటివి కావు. సుమారు మూడో వంతు పేజీలు బతికి ఉంటాయి. వాటిలో ఉద్యోగానికి నంబర్ ఉంటుంది, ఎప్పుడు పెట్టారో ఉంటుంది. Workday మీద నడిచే పేజీలైతే Posted Today, Posted 30+ Days Ago అని స్పష్టంగా చూపిస్తాయి. ఇంకో మూడో వంతు పేజీల్లో ఒక ఫారం, ఒక మెయిల్ అడ్రస్ తప్ప ఏమీ ఉండవు. మిగిలినవి పేరుకే పేజీ. వాకిన్ ప్రకటన లింక్డిన్‌లోని కంపెనీ సొంత పేజీలో వేస్తారు, లేకపోతే పేపర్లో వేస్తారు. చచ్చిపోయిన పేజీని వారానికి రెండుసార్లు తెరవడం ఎండిపోయిన ఊటగెడ్డకి బిందె పట్టుకెళ్లడమే. అందుకే "నిజంగా ప్రకటన ఎక్కడ వేస్తారు" అన్న గడి పెట్టాం. ఆ గడి నిండాకే లిస్టు మా చేతికి వచ్చింది.

దాన్నిబట్టి వేళలు మార్చాం. బతికున్న పేజీలు, లింక్డిన్ పేజీలు వారానికి రెండుసార్లు, సోమవారం, గురువారం సాయంత్రం. ఫారం మాత్రమే ఉన్నవాటిలో ఒకసారి వివరాలు నింపేసి, తర్వాత నెలకి ఒకసారి చూస్తాం, వాటికి ఎర్రరంగు తీసేశాం. గురువారమే ఎందుకంటే, మేము చూసినంతలో ఆదివారం వాకిన్‌లు ఎక్కువగా మంగళ, బుధవారాల్లో పడుతున్నాయి. గురువారం రాత్రి తెలిస్తే శుక్రవారం సర్టిఫికెట్లు జెరాక్స్ తీయించుకుని శనివారం ఘాట్ దిగి గదిలో పడుకోవచ్చు. శనివారం తెలిస్తే మా వాడి కథే. విశాఖలో ఉన్నవాడికి ఒక్కరోజు ముందు తెలిసినా చాలు, ముంచింగిపుట్టు వాడికి మూడు రోజులు కావాలి. మన షెడ్యూల్ మన బస్సునిబట్టి పెట్టుకోవాలి.

ముప్పైని ఐదుగురం తలా ఆరు పంచుకున్నాం. ఆరు పేజీలకి అరగంట పట్టదు. ఊళ్లో ఉన్నవాళ్లకి ఫోన్‌లో తేలిగ్గా తెరుచుకునే పేజీలిచ్చాం, బరువు పేజీలు గదిలో ఉన్న ఇద్దరం తీసుకున్నాం. సిగ్నల్ దొరకని వారం ఎవరికైనా వస్తే, "ఈ గురువారం నావి చూడన్నా" అని ముందే చెప్పాలి. అదొక్కటే రూలు.

ఒక కంపెనీ సంగతి వివరంగా చెబుతాం, అప్పుడు బాగా అర్థమవుతుంది. మా షీట్‌లో అది 17వ వరస. జి.మాడుగుల చెల్లి చూసేది. మొదటి రెండు వారాలు అందులో ఒకటే ఉద్యోగం, క్యూసీలో నాలుగు నుంచి ఆరేళ్ల అనుభవం కావాలని. మాకు పనికిరాదు. అయినా ఆమె "ఏం కనిపించింది" గడిలో రాసేది. ఐదో వారంలో అదే యూనిట్‌కి ఒకేసారి షిఫ్ట్ ఇన్‌చార్జ్ పోస్టులు మూడు, క్యూసీ సెక్షన్ హెడ్ ఒకటి వచ్చాయి. మేము పట్టించుకోలేదు గానీ, ఆ కంపెనీలో పనిచేసే మా సీనియర్ అన్నకి చూపిస్తే, "కొత్త బ్లాక్ తెరుస్తున్నార్రా. ముందు పైవాళ్లని తీసుకుంటారు, తర్వాత కిందికి మనుషులు కావాలి కదా. ఆ పేజీ వదలకండి" అన్నాడు.

అప్పటినుంచి ఆ ఒక్క పేజీని రోజూ చూశాం. చూస్తూనే తయారయ్యాం. పదో తరగతి, ఇంటర్ మార్కుల మెమోలు, డిగ్రీ కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్, ఆధార్, పాన్, ఆరు ఫొటోలు ఒక ఫైల్‌లో పెట్టుకున్నాం. మాలో ఒకడికి పాన్ కార్డే లేదు, అప్పుడు అప్లై చేశాడు. రాత్రుళ్లు ఫోన్‌లో ఒకళ్లనొకళ్లు ప్రశ్నలు అడుక్కునేవాళ్లం. మొలారిటీకి నార్మాలిటీకి తేడా ఏంటి, పీహెచ్ అంటే ఏంటి, హెచ్‌పీఎల్‌సీ ఎలా వేరుచేస్తుంది, ల్యాబ్‌లో తప్పు రాస్తే ఎందుకు చెరపకూడదు.

ఏడో వారం బుధవారం సాయంత్రం ఆ పేజీలో వాకిన్ పడింది. బీఎస్సీ, ఎమ్మెస్సీ ఫ్రెషర్లు, ఆదివారం తొమ్మిది నుంచి ఒంటిగంట. పాసైన ఏళ్లు రెండే ఇచ్చారు, మా ఏడాది అందులో పాతది. అంటే వచ్చే ఏడాది ఇదే వాకిన్ పడితే మమ్మల్ని గేటు దగ్గరే ఆపేస్తారు. ఫార్మాలో ఫ్రెషర్ అనేదానికి గడువు ఉంటుందని అప్పుడు బాగా ఎక్కింది.

నలుగురం వెళ్లాం. ఐదోవాడికి జ్వరం. ఎనిమిదింటికే చేరితే మా ముందు వందమంది పైనే ఉన్నారు. రాత పరీక్ష పెట్టారు, తర్వాత ఇంటర్వ్యూ. జి.మాడుగుల చెల్లిని 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ లీటరు ఎలా తయారుచేస్తావని అడిగారు. ఆమె గాఢ ఆమ్లం సుమారు ఎనిమిదిన్నర మిల్లీలీటర్లని నీళ్లలో కలుపుతానని, ఆమ్లంలో నీళ్లు పోయనని చెప్పింది. ఆ తర్వాత స్టాండర్డైజ్ చేయాలని కూడా చెప్పింది. ఆమెకి క్యూసీ ట్రైనీగా వచ్చింది, ఇంకొకడికి ప్రొడక్షన్‌లో వచ్చింది. ఇద్దరికి రాలేదు. రాని ఇద్దరిలో ఒకడు ఈ పోస్టు టైపు చేస్తున్నవాడే.

ఆఫర్ లెటర్ వచ్చినప్పుడు చెల్లి వాళ్ల నాన్న మొదట అడిగిన మాట, "ఎంత కట్టాలమ్మా?" అని. పేజీ తెరిచి చూపించాం. ఉద్యోగం నంబర్ ఒకటే, మెయిల్ వచ్చింది కంపెనీ సొంత డొమైన్ నుంచే, డబ్బు ఊసు ఎక్కడా లేదు. ఇప్పుడు ఏ పోస్టర్ వచ్చినా ముందు ఆ కంపెనీ మా లిస్టులో ఉందా, ఉంటే వాళ్ల పేజీలోగానీ లింక్డిన్‌లోగానీ అది ఉందా అని చూస్తాం. లేకపోతే కంపెనీ నంబర్‌కి ఫోన్ చేసి అడుగుతాం. అప్పటిదాకా ఎవరికీ ఫార్వర్డ్ చేయం.

వాళ్ల అమ్మ అడిగిన మాట వేరు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో జరిగిన ప్రమాదంలో 17 మంది చనిపోయారు. "అక్కడికేనా నువ్వు వెళ్లేది?" అంది. ఆ మాటకి మా దగ్గర మంచి జవాబు లేదు. కెరీర్ పేజీలో అది రాయరు. అందుకని షీట్‌లో ఇంకో గడి చేర్చాం. లోపల పనిచేసే మనవాళ్లు ఏమంటున్నారు, చేరాక సేఫ్టీ ట్రైనింగ్ ఎన్ని రోజులు ఇస్తారు, మాస్కులు, గ్లౌజులు నిజంగా ఇస్తారా, డబుల్ షిఫ్ట్ బలవంతంగా చేయిస్తారా. ఇది చూసి లిస్టులోంచి రెండు కంపెనీలు తీసేశాం, వాటి బదులు వేరే రెండు పెట్టాం. ఉద్యోగం ఎంత అవసరమైనా ఈ గడి ఖాళీగా వదలకండి.

పేజీల్లో దొరకనివి ఇంకా ఉన్నాయి, అదీ చెప్పాలి. హెల్పర్లని, ప్యాకింగ్ వాళ్లని ఎక్కువగా కాంట్రాక్టర్ల ద్వారా తీసుకుంటారు, అవి ఏ పేజీలోనూ రావు. ఐటీడీఏ జాబ్ మేళాలకి వచ్చే కంపెనీలు కొన్నిసార్లు వాటి సంగతి తమ పేజీలో వేయవు, కాబట్టి మేళాలు విడిగా చూసుకోవాలి. ప్రైవేటులో మన రిజర్వేషన్ లేదు, గడువు పెంచమని అడగడానికీ లేదు. ముందు తెలుసుకోవడం ఒక్కటే మన చేతిలో ఉంది.

లిస్టుని మూడు నెలలకి ఒకసారి దులుపుతాం. వరసగా మూడు నెలలు బీఎస్సీకి తగిన ఒక్క పోస్టూ వేయని పేజీని నెలకి ఒకసారి చూసేవాటిలోకి మారుస్తాం, కొత్తగా బస్సు కనిపించిన కంపెనీని చేరుస్తాం. ముప్పై దాటనివ్వం. ఒకసారి నలభై ఐదు చేస్తే రెండు వారాల్లో సగం గడులు ఎర్రగా మారిపోయాయి, ఎవరికీ తెరిచే ఓపిక లేకపోయింది.

ఉద్యోగం వచ్చిన ఇద్దరూ వాళ్ల ఆరేసి పేజీలు వదల్లేదు. చెల్లి నైట్ షిఫ్ట్ ముగించుకుని బస్సులో వస్తూ చూస్తుంది. మిగిలిన ముగ్గురికి మా పాసైన ఏడాది లెక్కన ఇంకా కొన్ని నెలలే ఉన్నాయి. పోయిన గురువారం 9వ వరసలో షిఫ్ట్ ఇన్‌చార్జ్ పోస్టులు రెండు కనిపించాయి. ఆ పేజీని ఇప్పుడు రోజూ చూస్తున్నాం. ఫైలు గుమ్మం దగ్గర సంచిలోనే ఉంది.